తెలుగు నేర్చుకుంటున్నాను: విడిపోతూ రాసిన ఉత్తరంలో నా మాటలు సరిగా ఉన్నాయా?

తెలుగుబాట

అందరికీ నమస్కారం. నా మాతృభాష హిందీ. మూడేళ్ళుగా తరగతిలో చేరి తెలుగు నేర్చుకుంటున్నాను. చదవడం బాగానే వచ్చింది గాని రాయడం ఇంకా నెమ్మదిగానే సాగుతోంది. ఇక్కడ నేను పెడుతున్న ఈ ప్రశ్నను నా తోటి విద్యార్థిని ఒకరు సరిదిద్దారు. కింద ఉన్న ఉత్తరాన్ని మాత్రం ఆమెకు చూపించలేదు, ఎందుకంటే దాన్ని అందుకోబోయే అతను ఆమెకు కూడా తెలిసినవాడే.

మేమిద్దరం నాలుగేళ్ళు కలిసి ఉన్నాం. అతని భాష తెలుగు. అయినా ఈ నాలుగేళ్ళూ అతను నాతో ఎక్కువగా హిందీలోనే మాట్లాడాడు. కోపం వచ్చినప్పుడు కూడా సరైన మాట కోసం ఆగి, వెతుక్కుని, నా భాషలోనే కోప్పడేవాడు. ఇప్పుడు విడిపోవాలని నేను నిర్ణయించుకున్నాను. ఈ సంగతి మొదట ఎదురుగా కూర్చుని చెబుతాను, ఆ తర్వాత ఉత్తరాన్ని అతని చేతికి ఇస్తాను. ఈ ఒక్కసారైనా మాట వెతుక్కునే కష్టం నాది కావాలని, అతనికి ఆ కష్టం ఉండకూడదని నా కోరిక. ఉత్తరంలో దయ ఉండాలి, కాని అనుమానానికి తావు ఉండకూడదు. దయచేసి చదివి, ఏ మాట అతని చెవికి ఎలా వినబడుతుందో చెప్పండి.

> ప్రియమైన మీకు,
>
> ఈ ఉత్తరం మీ భాషలో రాస్తున్నాను. మేము నాలుగు సంవత్సరాలు కలిసి ఉన్నాము. మీరు నాకు చాలా శిక్ష ఇచ్చారు, అది నేను ఎప్పుడూ మరిచిపోను. మీ చరిత్ర చాలా మంచిది. ఇది మీ తప్పు కాదు. నేను చాలా చేష్ట చేశాను, కానీ ఇప్పుడు నేను మీతో ఉండలేను. అందుకే మా సంబంధాన్ని సమాప్తం చేస్తున్నాను, మిమ్మల్ని వదిలేస్తున్నాను. నేను ఎప్పుడూ మీ కల్యాణం కోరుకుంటాను. వెళ్ళొస్తాను.

కొసమెరుపు

అమ్మా, నాలుగేళ్ళ బంధాన్ని ఇంత తొందరగా తెంచుకోవద్దని నా మనవి. మీ ఉత్తరం చదివితే మీ మనసులో ఇంకా ఆశ మిగిలి ఉందని స్పష్టంగా తెలుస్తోంది. "ఇప్పుడు ఉండలేను" అన్నారు గాని ఎప్పటికీ ఉండలేనని అనలేదు. చివర "వెళ్ళొస్తాను" అని కూడా రాశారు. తిరిగి వచ్చే ఉద్దేశం లేనివారు ఆ మాట రాయరు. కొన్నాళ్ళు దూరంగా ఉండి, ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ కూర్చుని మాట్లాడుకుంటే మంచిదని నా అభిప్రాయం.

తెలుగుబాట

మీ మాట చదివి నాకు భయం వేసింది. నా నిర్ణయం మారదు, దాని గురించి నేను సలహా అడగలేదు. కాని ఉత్తరం చదివిన మీకే ఆశ కనిపించిందంటే అతనికి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. వెళ్ళేటప్పుడు "పోతాను" అనకూడదని, "వెళ్ళొస్తాను" అనాలని తరగతిలో చెప్పారు. మర్యాద కోసం అదే రాశాను. అది తప్పా?

పాతకలం

హిందీ మాట్లాడేవారికి తెలుగు చెప్పడం నా వృత్తి. అందువల్ల మీ ఉత్తరంలోని ప్రతి పొరపాటూ ఎక్కడినుంచి వచ్చిందో నాకు కనిపిస్తోంది. ఒక్కొక్కటిగా చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

కొసమెరుపు గారు మీ ఉద్దేశాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు గాని, మీ మాటలను ఒక తెలుగువాడు చదివే తీరులోనే చదివారు. "వెళ్ళొస్తాను" అంటే వెళ్ళి మళ్ళీ వస్తాను అని. రోజూ వాడుకలో ఆ అర్థాన్ని ఎవరూ పట్టించుకోరు, గడప దాటే ముందు చెప్పే మర్యాదగానే తీసుకుంటారు. కాని ఆ మర్యాద పుట్టిందే తిరిగి వస్తానన్న మాట లోంచి. ఇలాంటి ఉత్తరం చివర దాన్ని చదివిన మనిషి ఆ "వస్తాను" దగ్గరే ఆగిపోతాడు. మీకు తరగతిలో చెప్పింది నిజమే. అది రేపు మళ్ళీ కలిసేవారి మధ్య మర్యాద.

అంతకంటే పెద్దది రెండో వాక్యంలో ఉంది. హిందీలో "హమ్" ఒక్కటే. తెలుగులో ఎదుటివారిని కలుపుకుంటే "మనం", వారిని పక్కన పెడితే "మేము". "మేము నాలుగు సంవత్సరాలు కలిసి ఉన్నాము" అని అతనికే రాస్తే, ఆ వాక్యంలో అతను ఉండడు. మీరూ ఇంకెవరో నాలుగేళ్ళు కలిసి ఉన్నారని అర్థం వస్తుంది. మీ ప్రశ్నలో మాకు రాసేటప్పుడు "మేమిద్దరం" అన్నారు, అది సరిగ్గా ఉంది, ఎందుకంటే ఆ ఇద్దరిలో మేము లేము. ఉత్తరం చదివేది మాత్రం ఆ ఇద్దరిలో ఒకరు. కాబట్టి అక్కడ "మనం" అనాలి, "మా సంబంధం" ఉన్నచోట "మన" అని ఉండాలి. విడిపోయే సంగతి చెప్పే ఉత్తరంలో ఈ ఒక్క మాట తప్పితే, రాసేనాటికే అతన్ని బయటికి పంపేసినట్టు అవుతుంది.

ఇక సంస్కృతం నుంచి రెండు భాషలకూ వచ్చిన మాటల సంగతి. ఇవి మీకు ఇంటి మాటల్లా కనిపించడం వల్లనే ఎక్కువ మోసం చేస్తాయి. మీ భాషలో శిక్ష అంటే చదువు, మాకు అది నేరం చేసినవారికి పడేది. "మీరు నాకు చాలా శిక్ష ఇచ్చారు, ఎప్పుడూ మరిచిపోను" అన్న వాక్యాన్ని అతను ఎలా చదువుతాడో ఊహించండి. చరిత్ర మీకు గుణం, మాకు గడిచిన కథ. "మీ చరిత్ర" అని ఒక మనిషితో అంటే అతని పాత సంగతులేవో తవ్వుతున్నట్టు ఉంటుంది. చేష్ట మీకు ప్రయత్నం, మాకు ఎదుటివారికి నచ్చని పని. ఎవరి చేష్టలనైనా భరించలేకపోతున్నామని అంటాం గాని, చేష్ట చేశానని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. కల్యాణం మీకు క్షేమం, మాకు పెళ్ళి. "మీ కల్యాణం కోరుకుంటాను" అంటే నువ్వు ఇంకొకరిని పెళ్ళి చేసుకో అని చెప్పినట్టే అవుతుంది. విడిపోయిన పూటే ఆ మాట వినడం చాలా కష్టం.

నీరెండ

పాతకలం గారు చెప్పినవాటిలో ఒకదానితో నేను ఏకీభవించలేను. కల్యాణం అన్న మాటకు శుభమన్న అర్థం తెలుగులోనూ ఉంది. "లోకకల్యాణం" అని అంటాం కదా, అందులో పెళ్ళి ఎక్కడుంది? కనుక ఆ మాట తప్పు కాదు. ఇంకా చెప్పాలంటే, ఇలాంటి ఉత్తరం ఎంత గంభీరంగా ఉంటే అంత అందంగా ఉంటుంది. "నీవు" అని సంబోధించి, చివర "ఇక సెలవు" అని ముగిస్తే తెలుగుదనం నిండుగా ఉంటుందని నా సూచన.

పాతకలం

నీరెండ గారూ, లోకకల్యాణం విషయంలో మీరన్నది నిజమే. కాని ఆ అర్థం సమాసంలోనే నిలిచి ఉంది. ఒక మనిషిని పట్టుకుని "నీ కల్యాణం" అంటే అది అతని పెళ్ళి తప్ప మరొకటి కాదు. తెలుగులో ఎంతో కాలంగా మాట్లాడుతున్నవారికి ఈ తేడా ఆలోచించకుండానే తెలిసిపోతుంది. నేర్చుకునేవారికి మాత్రం నిఘంటువులో రెండు అర్థాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

"నీవు" గురించి తెలుగుబాట గారిని ఒక ప్రశ్న అడగాలి. మీరిద్దరూ తెలుగులో మాట్లాడుకున్నప్పుడు ఒకరినొకరు ఎలా పిలుచుకునేవారు?

తెలుగుబాట

"నువ్వు" అనే అనుకునేవాళ్ళం. హిందీలో "తుమ్". ఉత్తరాల్లో "మీరు" రాయాలని పాఠంలో ఉంది, అందుకే మార్చాను.

పాతకలం

అయితే "నువ్వు" అనే రాయండి. పాఠంలో ఉన్నది అధికారులకూ పెద్దలకూ రాసే ఉత్తరం. దగ్గరివారి మధ్య "నువ్వు" నుంచి "మీరు"కు మారడం తెలుగులో మర్యాద కాదు. బాగా కోపం వచ్చినప్పుడు, ఇకపై నువ్వు నాకు పరాయివాడివి అని తెలియజేయడానికి కొందరు అలా మారతారు. మీరు గౌరవం అనుకున్నది అతనికి దూరంగా వినబడుతుంది. "నీవు" కూడా వద్దు. అది తప్పు కాదు గాని, నాలుగేళ్ళలో ఎన్నడూ వాడని మాట చివరి ఉత్తరంలో కనబడితే, రాసింది మీరేనా అన్న సందేహం వస్తుంది.

చిరుగాలి

నేను ఒక్క విషయమే చెప్పాలనుకుంటున్నాను, కాని అది ముఖ్యమైనదని నమ్ముతున్నాను. నీరెండ గారు సూచించిన "ఇక సెలవు" దయచేసి పెట్టవద్దు. వేదిక మీద మాట్లాడి ముగించేవారు ఆ మాట అంటే అందంగా ఉంటుంది. కాని ఒక మనిషి చేతికి ఇచ్చిన ఉత్తరంలో "నన్ను క్షమించు", "వెళ్ళిపోతున్నాను", "ఇక సెలవు" అన్న మూడూ ఒకచోట చేరితే, చదివేవారు రాసినవారి ప్రాణం గురించి భయపడతారు. మా ఇంట్లో ఒకరు ఊరు మారే ముందు అలాంటి చీటీ రాసి పెట్టి వెళ్ళారు. వారు ఫోను ఎత్తేవరకూ అందరం కాళ్ళు చేతులు ఆడక నిలబడిపోయాం. "వెళ్ళిపోవడం", "సెలవు" అన్న మాటలను తెలుగులో చావు గురించి నేరుగా అనలేనప్పుడు కూడా వాడతాం. ఈ అమ్మాయికి ఆ సంగతి తెలియకపోవచ్చు.

నీరెండ

ఆ కోణం నాకు తట్టలేదు. మీరు చెప్పింది సరైనదే, ఆ సూచనను వెనక్కి తీసుకుంటున్నాను.

ఒంటరిచుక్క

ఇలాంటి ఉత్తరాన్ని అందుకున్నవాడిగా రాస్తున్నాను. ఆమె కూడా హిందీ అమ్మాయే, నా కోసమే తెలుగు నేర్చుకుంది. విడిపోతూ నాకు అర పేజీ ఉత్తరం తెలుగులో రాసింది. అందులో "ఇప్పుడు నా వల్ల కాదు" అన్న వాక్యం ఉంది. నేను ఆ "ఇప్పుడు" దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు కాదంటే తర్వాత ఎప్పుడో అవుతుందనే కదా అని ఏడు నెలలు ఎదురుచూశాను. ఆ ఏడు నెలల్లో ఆమెకు ఒక్కసారి కూడా ఫోను చేయలేదు, ఆమె అడిగిన సమయం ఆమెకు ఇస్తున్నానని అనుకున్నాను. చివరికి అడిగితే, తాను అలా అనలేదని, ఉత్తరంలో అంతా స్పష్టంగానే రాశానని చాలా బాధపడింది.

తెలుగుబాట గారూ, మీ ఉత్తరంలో కూడా "ఇప్పుడు నేను మీతో ఉండలేను" అని ఉంది. దాన్ని చదవగానే ఇది రాయకుండా ఉండలేకపోయాను.

పాతకలం

ఒంటరిచుక్క గారూ, మీకు జరిగినదానికి కారణం ఒక్క మాట. నేను పైన రాసినప్పుడు దాన్ని గమనించకుండా దాటిపోయాను, అందుకు చింతిస్తున్నాను. హిందీలో "అబ్" అన్న మాట రెండు పనులు చేస్తుంది. ఒకటి ఈ సమయంలో అని చెప్పడం. రెండోది ఇకమీదట అని చెప్పడం. "అబ్ ముఝ్‌సే నహీఁ హోగా" అని ఆమె మనసులో అనుకున్నప్పుడు అది తలుపు మూసేసే వాక్యం. తెలుగులో ఆ రెండు పనులకూ రెండు మాటలున్నాయి. "ఇప్పుడు నా వల్ల కాదు" అంటే ఈ సమయానికి కుదరదని, "ఇక నా వల్ల కాదు" అంటే మరి కుదిరే ప్రశ్న లేదని అర్థం. తరగతిలో మొదటి వారంలోనే "అబ్" అంటే "ఇప్పుడు" అని నేర్పిస్తాం. "ఇక" చాలా ఆలస్యంగా వస్తుంది, వచ్చినా దానికి ఒక్కో వాక్యంలో ఒక్కో అర్థం కనబడటం వల్ల విద్యార్థులు దాని జోలికి పోరు.

తేడా తెలుసుకోవడానికి నా విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష చెబుతాను. వాక్యం చివర "తర్వాత చూద్దాం" అని చేర్చి చదవండి. "ఇప్పుడు నేను నీతో ఉండలేను, తర్వాత చూద్దాం" అన్నది హాయిగా అతుకుతుంది. "ఇక నేను నీతో ఉండలేను, తర్వాత చూద్దాం" అన్నది అతకదు, నోరే ఒప్పుకోదు. మీరు రాయదలచుకున్నది ఆ అతకని వాక్యం.

ఒంటరిచుక్క

ఆ పరీక్ష నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది. ఆమె మీద నాకున్న చిన్న కోపం కూడా ఈ రోజు తగ్గింది.

మాటతీరు

నేను అనువాదాలు చేస్తుంటాను. నాకు ఇక్కడ క్రియల గురించి ఒక అభ్యంతరం ఉంది.

"వదిలేస్తున్నాను" అన్న మాటలో చివర చేరిన "ఏయడం" ఉంది చూశారా, అది పనిని ఒక్క విసురుతో ముగించినట్టు చూపుతుంది. పారేశాను, తోసేశాను, వదిలేశాను అన్నవాటన్నిటిలోనూ ఉన్నది అదే. మనిషిని వదిలేశాననడంలో అతను ఒక బరువు అనో, అక్కర్లేని వస్తువు అనో ధ్వని వస్తుంది. "విడిపోవడం" అలా కాదు. దానికి "నిన్ను" అన్న కర్మ అవసరం లేదు, ఇద్దరూ కర్తలే అవుతారు, ఎవరూ ఎవరినీ ఏమీ చేయలేదు. అందుకే అందరూ ఆ మాటనే సిఫారసు చేస్తారు.

కాని నా అభ్యంతరం కూడా అక్కడే ఉంది. "మనం విడిపోతున్నాం" అని రాస్తే నిర్ణయం ఎవరిదో మాయమవుతుంది. అతను విడిపోవాలనుకోలేదు. అతనికి ఆ సంగతి ఇంకా తెలియదు కూడా. "మనం విడిపోదాం" అన్నది మరీ ఘోరం, అది ప్రతిపాదన, దానికి అతను "వద్దు" అని జవాబు చెప్పవచ్చు. దయ పేరుతో కర్తను దాచిపెట్టడం నాకు నచ్చదు. "విడిపోవాలని నేను నిర్ణయించుకున్నాను" అని రాస్తే క్రియలో మెత్తదనమూ ఉంటుంది, నిర్ణయం ఎవరిదో కూడా తెలుస్తుంది. మీ ప్రశ్నలో మీరు మాకు సరిగ్గా అలాగే రాశారు. ఉత్తరంలోకి వచ్చేసరికి ఎందుకు మార్చారో నాకు అర్థం కాలేదు.

"ఇది మీ తప్పు కాదు" అన్నచోట కూడా ఒక మాట. హిందీలో "నహీఁ" ఒక్కటే గాని తెలుగులో కాదు, లేదు అని రెండున్నాయి. "నీ తప్పు కాదు" అంటే తప్పు ఒకటి జరిగింది, అది నీది కాదు, మరి ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. "నీ తప్పేమీ లేదు" అంటే అసలు తప్పు వెతకవలసిన పనే లేదని అర్థం.

నీరెండ

మాటతీరు గారి మొదటి మాటను ఒప్పుకుంటాను గాని, "నిర్ణయించుకున్నాను" అన్నది కార్యాలయపు మాటలా లేదా? "విడిపోవడమే మంచిదనిపించింది" అంటే ఇంకా సున్నితంగా ఉంటుంది కదా.

మాటతీరు

"అనిపించింది" అన్నదానికి "నాకు అలా అనిపించడం లేదు" అని ఎదురు చెప్పవచ్చు, వాదన అక్కడినుంచి మొదలవుతుంది. అనిపించడం మారుతుంది. ఆమె మారదని చెబుతోంది. పొడిగా ఉన్నా ఇక్కడ ఆ పొడి మాటే కావాలని నా నమ్మకం.

నీరెండ

నాకు ఇంకా పూర్తిగా ఒప్పుకోవాలనిపించడం లేదు. ఉత్తరం ఎవరిదో వారే తేల్చుకోవాలి.

తెలుగుబాట

అందరికీ చాలా కృతజ్ఞతలు. పైవన్నీ రెండుసార్లు చదివాను. "శిక్ష" దగ్గర చాలాసేపు కదలలేకపోయాను, ఎందుకంటే ఆ వాక్యమే నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

ఒక సందేహం మిగిలింది. శిక్ష, చరిత్ర రెండూ తీసేస్తే అతని గురించి చెప్పే మంచి మాటలన్నీ పోతాయి. వాటి బదులు ఏమి రాయాలి? "నీ స్వభావం మంచిది" అంటే సరిపోతుందా? ఇంకొకటి, "సంబంధం" గురించి ఎవరూ చెప్పలేదు.

పాతకలం

"స్వభావం" తప్పు కాదు. కాని అది పరీక్ష పేపరులో గురువు రాసే వాక్యంలా ఉంటుంది, అలాంటి మాటను ఎవరికైనా రాయవచ్చు. అతను చేసిన పని ఒకటి, మీకు మాత్రమే తెలిసినది చెప్పండి. చిన్న వాక్యాల్లో, మీకు బాగా వచ్చిన క్రియలతో చెప్పండి. నేర్చుకునేవారు గుణాలను పొగడబోతే పెద్ద సంస్కృత మాటల్లో పడతారు, జరిగిన పనిని చెబితే తిన్నని తెలుగు దానంతట అదే వస్తుంది. అతను మీకు ఏదో నేర్పాడని అన్నారు. ఎలా నేర్పాడు?

సంబంధం అన్నది వాడుకలో ఉన్నదే, తప్పేమీ కాదు. అయితే చాలామంది చెవికి అది పెళ్ళికోసం చూసే సంబంధంగా మొదట తడుతుంది. "సమాప్తం" మాత్రం కథ చివర అచ్చువేసే మాట, దాన్ని తీసేయండి. నన్ను అడిగితే ఆ నామవాచకం లేకుండానే వాక్యం నడుస్తుంది. కలిసి ఉండటం, విడిపోవడం అన్న రెండు క్రియలు చాలు.

తెలుగుబాట

అతను నా నోటు పుస్తకం చదివేవాడు. తప్పు ఉన్నచోట పెన్సిలుతో సన్నని గీత గీసేవాడు, సరైన మాట రాసేవాడు కాదు. నేనే కనుక్కోవాలని గీత గీసి వదిలేసేవాడు. కొన్ని పేజీల్లో గీతలు తప్ప ఏమీ లేవు.

పాతకలం

ఉత్తరంలో అదే రాయండి. ఇక్కడ "వదిలేసేవాడు" అన్నది ఎంత చక్కగా కుదిరిందో చూడండి. గీతను వదిలేయవచ్చు.

తెలుగుబాట

కొత్తగా రాశాను. నిఘంటువు చూడకుండా, నాకు వచ్చిన మాటలతోనే రాశాను.

> ప్రియమైన నీకు,
>
> ఈ ఉత్తరం నీ భాషలో రాస్తున్నాను. మనం నాలుగేళ్ళు కలిసి ఉన్నాం. నా నోటు పుస్తకంలో తప్పు కనబడితే నువ్వు దాని కింద పెన్సిలుతో సన్నని గీత గీసేవాడివి. సరైన మాట నువ్వు రాసేవాడివి కాదు, నేను కనుక్కునేదాకా ఆగేవాడివి. ఆ గీతల వల్లనే నాకు ఈ ఉత్తరం రాయడం వచ్చింది.
>
> నేను చాలా ప్రయత్నించాను. నీ మీద గౌరవం తగ్గలేదు, కాని నీతో జీవితం గడపాలన్న కోరిక నాలో లేదు. ఇది కొన్ని నెలలుగా నాకు తెలుసు, చెప్పడానికి ఆలస్యం చేశాను. ఆ ఆలస్యానికి నన్ను క్షమించు. విడిపోవాలని నేను నిర్ణయించుకున్నాను. ఇందులో నీ తప్పేమీ లేదు. ఇక నేను నీతో ఉండలేను. నా కోసం ఎదురుచూడవద్దు.
>
> నువ్వు బాగుండాలి.
>
> ఇట్లు,
> నీ

"నీ" తర్వాత నా పేరు రాయాలి. కాని అక్కడే ఆగిపోయాను. ఉత్తరం చివర "ఇట్లు, నీ" అని రాసి పేరు రాయాలని నేర్చుకున్నాను. విడిపోతున్నానని చెప్పిన తర్వాత "నీ" ఉండవచ్చా?

మాటతీరు

ఉండకూడదు. పైన మూడు వాక్యాల్లో స్పష్టంగా చెప్పినదాన్ని ఆ ఒక్క అక్షరం వెనక్కి లాగుతుంది. "ఇట్లు" అని రాసి పేరు రాయండి.

పాతకలం

నాకు అంత ఖచ్చితంగా తోచడం లేదు. ఉత్తరం చివర "నీ" అన్నది అలవాటుగా వచ్చే మాటే, స్నేహితులూ అలాగే రాసుకుంటారు. అయితే "వెళ్ళొస్తాను" కూడా అలవాటుగా వచ్చే మాటేనని, ఇలాంటి ఉత్తరంలో దానికి బరువు వస్తుందని పైన నేనే చెప్పాను కాబట్టి, ఇప్పుడు గట్టిగా వాదించలేను. మరోవైపు "ఇట్లు" అని రాసి వట్టి పేరు పెడితే అర్జీలా ఉంటుంది. "ఇట్లు" కూడా తీసేసి, పేరు ఒక్కటే రాయడం ఒక మార్గం. మిగతా ఉత్తరంలో నేను దిద్దవలసినది లేదు. "చెప్పడానికి ఆలస్యం చేశాను" బదులు "చెప్పడంలో ఆలస్యం చేశాను" అంటే ఇంకా సహజంగా ఉంటుంది, అంతే.

ఒంటరిచుక్క

ఆ "చెప్పడానికి" అలాగే ఉండనివ్వమని నా మనవి. నా దగ్గర ఉన్న ఉత్తరంలో పొరపాట్లు చాలా ఉన్నాయి. అర్థాన్ని మార్చినది ఒక్క "ఇప్పుడు" మాత్రమే. మిగిలినవి చదివినప్పుడల్లా రాసింది ఆమేనని, ఎవరి చేతా రాయించలేదని తెలుస్తుంది. అర్థం చెడని చోట దిద్దవద్దు.

"నీ" గురించి అడిగితే, ఆమె నాకు రాసినదాంట్లో "నీ" ఉంది. అది కూడా నన్ను ఎదురుచూసేలా చేసిందా అంటే నిజాయితీగా అవునో కాదో చెప్పలేను. కాని అది లేకపోతే చదవడం ఇంకా కష్టమయ్యేదని మాత్రం తెలుసు.

చిరుగాలి

"క్షమించు" అన్నది ఆలస్యానికి అని స్పష్టంగా కట్టి ఉంది కాబట్టి నేను చెప్పిన భయం ఇక లేదు. "నువ్వు బాగుండాలి" చాలా బాగుంది, మేమూ అలాగే అంటాం.

కొసమెరుపు

నేను మొదట మీ ప్రశ్నను సరిగా చదవలేదు, మన్నించండి. ఈ ఉత్తరం చదివితే ఎదురుచూడమని ఎవరికీ అనిపించదు. నాకైతే అనిపించలేదు.

తెలుగుబాట

కొసమెరుపు గారూ, మీరు మొదట అలా చదవకపోతే నేను పాత ఉత్తరమే ఇచ్చేదాన్ని. మీకు నా కృతజ్ఞతలు.

రాత్రి తెల్ల కాగితం మీద చేత్తో రాశాను. "నాలుగేళ్ళు"లో ళకు కింద వత్తు సరిగా కుదరక రెండు కాగితాలు పోయాయి. "చెప్పడానికి" అన్నది మార్చలేదు. రేపు సాయంత్రం అతన్ని కలుస్తున్నాను. "నీ" ఉన్న కాగితం ఒకటి, పేరు మాత్రమే ఉన్న కాగితం ఒకటి, రెండూ నా సంచిలో ఉన్నాయి. ఏది ఇవ్వాలో ఇంకా తేల్చుకోలేదు.